మైల్డ్ స్టీల్ టెన్సైల్ టెస్ట్: రిపోర్టు ఎలా రాయాలి

(మెకానికల్ రెండో సంవత్సరం విద్యార్థులకు ల్యాబ్ మొదలయ్యే ముందు చేసిన ప్రసంగం. ఆ రోజు రాలేకపోయిన వారి కోసం రికార్డింగ్ నుంచి టైప్ చేసింది.)

వెనక బెంచీల వాళ్లు కొంచెం ముందుకు రండి. నా చేతిలో ఉన్నవి చిన్న ముక్కలు, అక్కణ్ణుంచి కనపడవు. ఇవి నిన్న మధ్యాహ్నం బ్యాచ్ వాళ్లు యూటీఎం, అంటే యూనివర్సల్ టెస్టింగ్ మెషీన్ మీద లాగి తెంపిన స్పెసిమెన్ తాలూకు రెండు ముక్కలు. ఈ పూట నేను చెప్పేదంతా వీటి గురించే. టెస్ట్ ఎలా చేయాలో మీ మాన్యువల్‌లో ఉంది, దాన్ని మళ్లీ చదివి వినిపించను. టెస్ట్ అయిపోయాక ఇంటికెళ్లి రికార్డు ముందు కూర్చుంటారు చూడండి, అక్కడి నుంచి మొదలుపెడతాను.

అక్కడ ఏం జరుగుతుంది? సీనియర్ల రికార్డు పక్కన పెట్టుకుంటారు. ఎయిమ్, అపరేటస్, థియరీ, ప్రొసీజర్ మక్కీకి మక్కీ దించేస్తారు. నాలుగు పేజీలు నిండుతాయి. అసలు మీరు చేసిన పని మాత్రం అర పేజీ టేబుల్‌లో ఇరుక్కుంటుంది. నేను దిద్దేటప్పుడు ఆ నాలుగు పేజీలు తిప్పేసి నేరుగా ఆ అర పేజీ దగ్గర ఆగుతాను. కాబట్టి మీరు కూడా రాయడం అక్కడి నుంచే మొదలుపెట్టండి. ముందు అబ్జర్వేషన్లు, తర్వాత గ్రాఫ్, తర్వాత లెక్కలు, ఆ తర్వాత చర్చ. ప్రొసీజర్ చివర్లో రాసుకోండి, అదీ మీరు నిజంగా చేసిన పద్ధతిలో. "స్పెసిమెన్‌ను గ్రిప్పుల్లో బిగించవలెను" అని కాదు, "బిగించాం" అని. బైండ్ చేసేటప్పుడు మామూలు వరసలోనే పెట్టండి, దానికి నాకేం అభ్యంతరం లేదు.

సరే, మొదటి అబ్జర్వేషన్ ఏది? లోడ్ అంటారు అందరూ. కాదు. స్పెసిమెన్. అది ఏ ముక్క, ఎక్కడి నుంచి వచ్చింది, ఎలా తయారైంది? దీన్ని ఎవరూ రాయరు. దీనివల్ల వచ్చే తంటా చెబుతాను, వినండి.

బజార్లో ఎంఎస్ రాడ్ కావాలంటే షాపువాడు ఒక్కోసారి నల్లగా పొర కట్టిన హాట్ రోల్డ్ రాడ్ ఇస్తాడు, ఒక్కోసారి నున్నగా మెరిసే బ్రైట్ బార్ ఇస్తాడు. రెండూ లో కార్బన్ స్టీలే. కానీ బ్రైట్ బార్‌ను చల్లగా ఉండగానే డై లోంచి లాగి తయారుచేస్తారు. అలా లాగడంలోనే అది ఒకసారి యీల్డ్ అయిపోయి ఉంటుంది. దాన్ని మీరు టెస్ట్ చేస్తే గ్రాఫ్ నున్నగా వంగిపోతుంది, యీల్డ్ పాయింట్ అని వేలు పెట్టి చూపించడానికి ఏమీ ఉండదు. బలం కూడా పుస్తకంలో ఉన్నదానికంటే బాగా ఎక్కువ వస్తుంది. అప్పుడు విద్యార్థి ఏం చేస్తాడు? టెన్షన్ పడి, పుస్తకంలో ఉన్న 250 మెగాపాస్కల్స్ తెచ్చి టేబుల్లో పెడతాడు. అవసరం లేదమ్మా. "స్పెసిమెన్ బ్రైట్ బార్, స్పష్టమైన యీల్డ్ పాయింట్ కనపడలేదు, 0.2 శాతం ప్రూఫ్ స్ట్రెస్ తీసుకున్నాం" అని రాస్తే అది పూర్తి మార్కుల రిపోర్టు. ప్రూఫ్ స్ట్రెస్ తీయాలంటే స్పెసిమెన్ సాగుడును నేరుగా కొలిచే ఎక్స్‌టెన్సోమీటర్ ఉండాలి, అది వేరే సంగతి.

నిన్నటిది హాట్ రోల్డ్ రాడ్, లేత్ మీద టర్నింగ్ చేసింది. వ్యాసం 10 మిల్లీమీటర్లు. దాన్ని ఒక్క చోట కొలిచి వదిలేయకండి. మూడు చోట్ల, ఒక్కో చోట అడ్డంగా ఒకసారి, దానికి లంబంగా ఒకసారి కొలవండి. ఆరు రీడింగులూ రాయండి. సగటు ఒక్కటే రాస్తే మీరు ఆరు కొలిచారో ఒకటి కొలిచారో నాకెలా తెలుస్తుంది? గేజ్ లెంగ్త్ 50 మిల్లీమీటర్లు, అంటే వ్యాసానికి ఐదు రెట్లు. మన ఐఎస్ 1608 లో వైశాల్యం వర్గమూలానికి 5.65 రెట్లు అని ఉంటుంది చూశారా, గుండ్రటి రాడ్‌కి అది లెక్క కడితే ఇదే ఐదు రెట్లు వస్తుంది. వైశాల్యం 78.54 చదరపు మిల్లీమీటర్లు. ఈ 50 మిల్లీమీటర్ల పొడవునా ప్రతి 5 మిల్లీమీటర్లకూ ఒక పంచ్ మార్కు పెట్టించాను. లోతుగా కొట్టకూడదు, గాటు పడితే అక్కడే తెగుతుంది, సుతారంగా తాకించాలంతే. ఎందుకు పెట్టించానో నెకింగ్ దగ్గర చెబుతాను.

ఇప్పుడు యీల్డ్ పాయింట్‌కి వద్దాం. నిన్న లోడు చూపించే ముల్లు 22.4 కిలోన్యూటన్ల దాకా ఎక్కింది. అక్కడ చటుక్కున వెనక్కి పడింది. ఆ తర్వాత 20.8, 21 మధ్య కాసేపు ఊగిసలాడింది. ఆ తర్వాత మళ్లీ మెల్లగా ఎక్కడం మొదలుపెట్టింది. మొదట వెనక్కి పడబోయే ముందు చేరిన లోడు అప్పర్ యీల్డ్. ఊగిసలాటలో కనిపించిన అతి తక్కువ లోడు లోయర్ యీల్డ్. ఒక్క జాగ్రత్త ఉంది. మొట్టమొదటి పతనంలో ముల్లు ఒక్క క్షణం మరీ కిందికి వెళ్లి వస్తుంది, దాన్ని లోయర్ యీల్డ్ అనుకోకూడదు. స్టాండర్డ్ కూడా ఆ తొలి కుదుపును వదిలేయమనే చెబుతుంది. ఇక లెక్క: 22,400 ని 78.54 తో భాగిస్తే 285 మెగాపాస్కల్స్. 20,800 ని భాగిస్తే 265. రెండూ రాయండి. ఉత్త "యీల్డ్ స్ట్రెస్" అని ఒక్కటే రాస్తే ఏది అని వైవాలో అడుగుతారు, అప్పుడు నీళ్లు నమలాలి.

ఎందుకిలా పడుతుంది అని థియరీలో రెండు వాక్యాలు రాస్తే చాలు. ఇనుములో కొద్దిగా ఉన్న కార్బన్, నైట్రోజన్ పరమాణువులు స్ఫటికాల అమరికలోని లోపాలైన డిస్‌లొకేషన్ల చుట్టూ చేరి వాటిని కదలనీకుండా పట్టి ఉంచుతాయి. 1949 లో కాట్రెల్, బిల్బీ అనే ఇద్దరు ఇచ్చిన వివరణ ఇది. ఆ పట్టు వదిలించడానికి ఎక్కువ బలం కావాలి, వదిలాక కదిలించడానికి అంత అక్కర్లేదు. అందుకే మెట్టు కిందికి దిగుతుంది. ఇందాకటి బ్రైట్ బార్‌లో మెట్టు ఎందుకు లేదో ఇప్పుడు తట్టిందా? అక్కడ ఫ్యాక్టరీలో లాగినప్పుడే బోలెడు డిస్‌లొకేషన్లు పట్టు లేకుండా పుట్టి ఉన్నాయి.

ఈ సమయంలో మీరందరూ ముల్లు కేసే చూస్తుంటారు. ఒక్కరు స్పెసిమెన్ కేసి చూడండి. నున్నగా టర్నింగ్ చేసిన ఒంటి మీద ఏటవాలుగా చారలు పుట్టి, మెరుపు తగ్గుతూ పాకుతాయి. అవి లూడర్స్ బ్యాండ్లు. యీల్డింగ్ స్పెసిమెన్ అంతటా ఒకేసారి జరగదు, ఒక మూల మొదలై అటునుంచి ఇటు నడుస్తుంది. ఆ నడక సాగినంతసేపే ముల్లు ఊగిసలాడేది. టర్నింగ్ చేయని నల్ల రాడ్ అయితే పైపొర పెచ్చులు పెచ్చులుగా రాలుతుంది. "22.4 దగ్గర కింది గ్రిప్పు పక్కన చారలు మొదలయ్యాయి" అని మీ రిపోర్టులో ఒక్క వాక్యం ఉందనుకోండి, మీరు మెషీన్ దగ్గర నిలబడ్డారని నాకు నమ్మకం కుదురుతుంది.

ఇంకో మోసం ఉంది ఇక్కడ. గ్రిప్పు జారినా ముల్లు వెనక్కి పడుతుంది. అది యీల్డో జారుడో ఎలా తెలుసుకుంటారు? జారితే తరచు టక్‌మని చప్పుడొస్తుంది, గ్రిప్పు పళ్ల దగ్గర స్పెసిమెన్ మీద గీరిన మరకలుంటాయి. అన్నింటికన్నా గట్టి సాక్ష్యం గ్రాఫ్. జారుడు తర్వాత గీత మళ్లీ మునుపటి ఏటవాలులోనే నిటారుగా ఎక్కుతుంది. యీల్డ్ తర్వాత అలా ఎక్కదు, దాదాపు బల్లపరుపుగా సాగి ఆ తర్వాత మెల్లగా వంపు తిరుగుతుంది. గ్రాఫ్‌లో 12 కిలోన్యూటన్ల దగ్గర ఒక మెట్టు కనిపిస్తే దాన్ని చెరిపేయకండి. బాణం గుర్తు పెట్టి "గ్రిప్పు జారింది" అని రాయండి.

గ్రాఫ్ మాట వచ్చింది కాబట్టి, ప్రతి ఏడాదీ సగం రికార్డుల్లో చూసే తప్పు ఒకటి చెబుతాను. యంగ్స్ మాడ్యులస్. మీరు దాన్ని క్రాస్‌హెడ్ స్కేలు నుంచి తీస్తారు. నిన్నటి లెక్కే చూడండి. 20 కిలోన్యూటన్ల దగ్గర స్ట్రెస్ 255 మెగాపాస్కల్స్. క్రాస్‌హెడ్ కదిలింది 1.6 మిల్లీమీటర్లు. దాన్ని 50 తో భాగిస్తే స్ట్రెయిన్ 0.032. భాగహారం చేస్తే మాడ్యులస్ సుమారు 8 గిగాపాస్కల్స్ వస్తుంది. స్టీల్‌కి ఉండాల్సింది 200 పైమాట. పాతిక రెట్లు తేడా! దాని కింద "పేరలాక్స్ ఎర్రర్ వల్ల" అని రాస్తారు. పేరలాక్స్ పాతిక రెట్లు చేస్తుందా, మీరే చెప్పండి?

అసలు సంగతేమిటంటే, ఆ లోడు దగ్గర 50 మిల్లీమీటర్ల స్టీలు నిజంగా సాగేది 0.064 మిల్లీమీటర్లు. కాగితం మందం కూడా ఉండదు. మిగతా ఒకటిన్నర మిల్లీమీటర్లు ఎక్కడివి? గ్రిప్పులు బిగుసుకోవడం, మెషీన్ స్తంభాలు, స్క్రూలు కొంచెం కొంచెంగా సాగడం, గేజ్ లెంగ్త్ బయట ఉన్న స్పెసిమెన్ సాగడం. మీరు కొలిచింది మెషీన్‌ను, స్టీలును కాదు. కాబట్టి ఎక్స్‌టెన్సోమీటర్ పెట్టకపోతే మాడ్యులస్ ఇవ్వకండి. ఎలాగూ అడుగుతారు కాబట్టి ఇవ్వక తప్పదంటే, పక్కనే "క్రాస్‌హెడ్ కదలిక నుంచి తీసింది, స్టీలు మాడ్యులస్ కాదు" అని రాసి పైన చెప్పిన లెక్క చూపించండి. గ్రాఫ్ అడ్డు అక్షం మీద కూడా "స్ట్రెయిన్" అని కాకుండా "క్రాస్‌హెడ్ కదలిక, మిల్లీమీటర్లు" అనే రాయండి. లోడు విలువలకు మాత్రం ఈ బెడద లేదు. యీల్డ్, అల్టిమేట్ రెండూ లోడు నుంచే వస్తాయి కాబట్టి అవి భేషుగ్గా నమ్మొచ్చు.

ఇక నెకింగ్, అంటే రాడ్ ఒక చోట మెడలా సన్నబడటం. నిన్న గరిష్ఠ లోడు 33.8 కిలోన్యూటన్లు, అంటే 430 మెగాపాస్కల్స్. అక్కడి నుంచి ముల్లు దిగడం మొదలుపెట్టింది, 25 కిలోన్యూటన్ల దగ్గర ఫట్‌మని తెగింది. రికార్డుల్లో ఏం రాస్తారంటే, "అల్టిమేట్ తర్వాత మెటీరియల్ బలహీనపడును" అని. బలహీనపడలేదండీ! ఇదిగో, ఈ ముక్క చివర చూడండి, 10 మిల్లీమీటర్ల రాడ్ ఇక్కడ 6.2 కి సన్నబడింది. వైశాల్యం 30.2 చదరపు మిల్లీమీటర్లు. 25,000 ని దాంతో భాగించండి. 828 మెగాపాస్కల్స్. 828 మోస్తున్నదాన్ని పట్టుకుని బలహీనం అంటారేమిటి?

లోడు ఎందుకు తగ్గిందంటే, లాగే కొద్దీ రెండు పనులు పోటీ పడుతుంటాయి. ఒకపక్క స్టీలు గట్టిపడుతుంటుంది, మరోపక్క రాడ్ సన్నబడుతుంటుంది. మొదట్లో గట్టిపడటానిదే పైచేయి. ఎక్కడైనా ఒక చోట కాస్త ఎక్కువ సన్నబడినా అది వెంటనే గట్టిపడి, సాగుడును పక్కకు నెట్టేస్తుంది. అందుకే రాడ్ అంతా సమంగా సాగుతుంది. గట్టిపడే వేగం తగ్గుతూ తగ్గుతూ సన్నబడే వేగంతో సమానమయ్యే చోటే గరిష్ఠ లోడు. 1885 లో కాన్సిడెయర్ అనే ఫ్రెంచ్ ఇంజినీరు చెప్పిన షరతు ఇది. ఆ తర్వాత సన్నబడ్డ చోటు ఇంకా సన్నబడుతుంది, మిగతా రాడ్ సాగడం ఆపేస్తుంది. కాబట్టి మీ స్ట్రెస్ అంతా మొదటి వైశాల్యంతో భాగించిన ఇంజినీరింగ్ స్ట్రెస్ అని గ్రాఫ్ మీదే రాయండి. ఈ 828 కూడా మెడ దగ్గరి సగటు మాత్రమే, లోపల స్ట్రెస్ సమంగా ఉండదు.

ఇప్పుడు ఆ పంచ్ మార్కుల పని పడింది. రెండు ముక్కల్నీ కలిపి వీ బ్లాకులో పెట్టి, ఒక్కో 5 మిల్లీమీటర్ల గడి ఇప్పుడెంత అయిందో కొలిచాం. మెడకు దూరంగా ఉన్న ఏడు గడులు ఒక్కోటీ 6.0 అయ్యాయి. మెడ ఉన్న గడి 9.3. దానికి అటూ ఇటూ ఉన్నవి 7.0, 7.2. మొత్తం కలిపితే 65.5. అంటే 50 మీద 31 శాతం ఎలాంగేషన్. బాగుంది కదా? కానీ ఆ గడుల్ని ఇంకోసారి చూడండి. ఏడు గడులు సాగింది 20 శాతమే. మిగతాదంతా మెడ ఇచ్చింది.

మెడ చుట్టూ 25 మిల్లీమీటర్లే గేజ్ లెంగ్త్ తీసుకుని ఉంటే? 35.5 అయ్యేది, 42 శాతం. 100 తీసుకుని ఉంటే? అదనపు పది గడులూ ఆరు చొప్పున, 125.5 అయ్యేది, సుమారు 25 శాతం. అదే రాడ్, అదే టెస్ట్, మూడు జవాబులు. కాబట్టి "ఎలాంగేషన్ 31 శాతం" అని రాస్తే అర్థం లేదు. "50 మిల్లీమీటర్ల గేజ్ లెంగ్త్ మీద, అంటే ఐదు వ్యాసాల మీద, 31 శాతం" అని రాయాలి. పుస్తకంలోని విలువతో పోల్చేముందు ఆ పుస్తకం గేజ్ లెంగ్త్ ఎంతో చూసుకోండి. తెగిన చోటు గేజ్ మధ్యలో ఉందా, చివర మార్కుకి దగ్గరగా ఉందా అన్నది కూడా రాయాలి. చివరికి మరీ దగ్గరగా తెగితే మెడలో కొంత భాగం మార్కు బయటకు పోతుంది, ఎలాంగేషన్ తక్కువ చూపిస్తుంది.

మెడకు దూరంగా ఉన్న చోట వ్యాసం కూడా కొలవండి. 20 శాతం పొడుగైతే ఘనపరిమాణం మారదు కాబట్టి వ్యాసం 9.13 ఉండాలి. మాకు 9.1 వచ్చింది. గడులు సరిగ్గా కొలిచామని అదే సాక్ష్యం. రెండు నిమిషాల పని.

తెగిన ముఖం గురించి "కప్ అండ్ కోన్" అని రెండు మాటలు రాసి ఊరుకుంటారు. చూసి రాయండి. ఇదిగో, ఇది చేతులు మార్చుకుంటూ వెనక దాకా పంపండి, ముఖం మీద మాత్రం వేలు పెట్టొద్దు, చెమటకి తుప్పు పడుతుంది. మధ్యలో బొగ్గు రంగులో, గరుకుగా, పీచు పీచుగా ఉంది కదా? చిన్న చిన్న రంధ్రాలు పుట్టి కలిసిపోయి మొదట తెగింది అక్కడే. చుట్టూ అంచు ఏటవాలుగా, కాస్త నున్నగా ఉంది. అది చివర్లో షియర్‌తో తెగింది. బొమ్మ గీసి ఈ రెండు భాగాలూ గుర్తించండి, లేదా ఫోన్‌తో ఫొటో తీసి అంటించండి, నాకేమీ అభ్యంతరం లేదు.

చివరికి సోర్సెస్ ఆఫ్ ఎర్రర్. "హ్యూమన్ ఎర్రర్, మెషీన్ ఎర్రర్, పేరలాక్స్." ఇది ఏ ప్రయోగం కిందైనా అంటించొచ్చు, అందుకే నాకు వద్దు. నేను అడిగేవి రెండే ప్రశ్నలు. ఆ తప్పు మీ జవాబును పెంచుతుందా, తగ్గిస్తుందా? ఎంత?

లోడు రేంజి తీసుకోండి. నిన్న 40 కిలోన్యూటన్ల రేంజి పెట్టాం, ఒక గీత 0.1. అదే 400 రేంజి పెట్టి ఉంటే ఒక గీత ఒక కిలోన్యూటన్. అప్పుడు ఒక గీతంటే దాదాపు 13 మెగాపాస్కల్స్. అప్పర్‌కీ లోయర్‌కీ మధ్య తేడాయే 1.6 కిలోన్యూటన్లు. గీతన్నరలో రెండు యీల్డ్ పాయింట్లు ఎవరు చదవగలరు? అలాంటప్పుడు "ఈ రేంజిలో విడిగా చెప్పలేం" అని రాయడమే నిజాయితీ.

వ్యాసం సంగతి. వెర్నియర్ లీస్ట్ కౌంట్ 0.02. పదిలో 0.02 అంటే 0.2 శాతం, వైశాల్యంలో వర్గం ఉంది కాబట్టి 0.4 శాతం. 285 మీద ఒక మెగాపాస్కల్. ఏమంత కాదు. కానీ మెడ దగ్గర? అక్కడ వెర్నియర్ దవడలు వంపులో సరిగ్గా కూర్చోవు, అత్యంత సన్నటి చోట అందవు. అంటే వ్యాసం ఎప్పుడూ ఎక్కువే చదువుతాం, తక్కువ చదవం. 6.2 లో 0.1 అటైతే వైశాల్యం 3 శాతం పైగా మారుతుంది. మేం 62 శాతం వైశాల్య తగ్గుదల రాశాం. అసలు విలువ దానికంటే ఒక శాతం ఎక్కువ ఉండొచ్చు, తక్కువ ఉండే అవకాశం తక్కువ. చూశారా, తప్పుకి దిక్కు కూడా తెలిసింది.

మూడోది లోడు ఎక్కించే వేగం. వాల్వు తిప్పేవాడికి తొందర ఉంటే అప్పర్ యీల్డ్ పెరుగుతుంది. ఎందుకంటే డిస్‌లొకేషన్లు కదలడానికి టైం చాలదు, స్ట్రెస్ ఇంకా ఎక్కితే గానీ కదలవు. స్టీలుకి యీల్డ్ దాకా సెకనుకి 6 నుంచి 60 మెగాపాస్కల్స్ మధ్య ఉండాలని స్టాండర్డ్. మన రాడ్‌కి 60 అంటే సెకనుకి 4.7 కిలోన్యూటన్లు. సెల్‌ఫోన్‌లో స్టాప్‌వాచ్ పెట్టుకోండి. సున్నా నుంచి యీల్డ్ దాకా ఐదు సెకన్లలోపు వెళ్లిపోయారంటే హద్దు దాటినట్టే. ఆ టైము రిపోర్టులో రాయండి. స్పెసిమెన్ గ్రిప్పుల్లో కొంచెం పక్కకు ఉంటే మాత్రం ఇందుకు తిరగబడుతుంది. లాగడంతోపాటు వంపు కూడా కలిసి ఒక పక్క ముందే యీల్డ్ అవుతుంది, అప్పర్ యీల్డ్ తక్కువ కనపడుతుంది, ఒక్కోసారి ఆ మెట్టే మాయమవుతుంది. అల్టిమేట్ మీద దాని ప్రభావం పెద్దగా ఉండదు, ఎందుకంటే అప్పటికి స్పెసిమెన్ సాగి నిటారు అయిపోతుంది. అందుకే రెండు బ్యాచులకి అల్టిమేట్ ఒకటే వచ్చి అప్పర్ యీల్డ్ తేడా వస్తే, మొదట అనుమానించాల్సింది స్టీలును కాదు, వాల్వునీ గ్రిప్పునీ.

రిజల్టు రాసేటప్పుడు కాలిక్యులేటర్ చూపించిన 285.2050 అంతా దించకండి. బలం అయితే పూర్తి మెగాపాస్కల్ దాకా, వైశాల్య తగ్గుదల అయితే పూర్తి శాతం దాకా చాలు. కంక్లూజన్‌లో "ఇది మైల్డ్ స్టీల్ అని నిరూపితమైనది" అనొద్దు. ఐఎస్ 2062 లో ఈ250 గ్రేడుకి యీల్డ్ కనీసం 250, టెన్సైల్ కనీసం 410, ఎలాంగేషన్ కనీసం 23 శాతం కావాలి. మనకి 285, 430, 31 వచ్చాయి. కాబట్టి "ఈ ఒక్క స్పెసిమెన్ తన్యతా విలువలు ఈ250 అవసరాలకు సరిపోయాయి, రసాయన విశ్లేషణ చేయలేదు" అని రాయండి. ఇంకో మాట, ముక్కలు పారేయకండి. బ్యాచ్ నంబరు రాసి కవర్లో వేసి రికార్డుతోపాటు ఇవ్వండి, వైవాలో ప్రశ్నలు వాటి మీదే ఉంటాయి.

ఇక డౌట్లు అడగండి.